తరగతికి ఇష్టమైన పండు ఏది?

ఆరో తరగతి గణితంలో దత్తాంశ నిర్వహణ పాఠం చదివేటప్పుడు ఇలాంటి లెక్క మీకు తప్పక ఎదురై ఉంటుంది. ఒక తరగతిలో ఇంతమంది పిల్లలు. వారిలో మామిడి ఇష్టమన్నవారు ఇంతమంది, అరటి ఇష్టమన్నవారు ఇంతమంది. గణన చిహ్నాలతో పట్టిక తయారు చేయండి, పటచిత్రం గీయండి అంటారు. మీరు స్కేలు తీసి గీతలు గీస్తారు, రంగు పెన్సిళ్ళతో మామిడిపళ్ళు దిద్దుతారు. పళ్ళు ఎంత నిగనిగలాడితే అన్ని మార్కులు పడతాయి.

నేను సైన్సు చెప్పే మాష్టారిని. గణితం మాష్టార్లు కోప్పడకపోతే నా అభిప్రాయం చెబుతాను. ఈ లెక్కలో బొమ్మ వేయడం చివరి పని, అన్నిటికన్నా తేలిక పని కూడా. అసలు పనంతా పట్టిక పుట్టకముందే ఉంది. పిల్లల్ని ఎలా అడిగారు, వారు చెప్పినదాన్ని ఏ గడిలో వేశారు అన్నదానిమీదే పటచిత్రంలో ఏ పండు గెలుస్తుందో ఆధారపడి ఉంటుంది. పుస్తకంలో ఆ పనంతా మీకు బదులు వేరెవరో చేసి పెట్టేశారు. అందుకే ఈ లెక్కను పుస్తకంలో చేయకండి, మీ తరగతిలో చేయండి అంటాను. మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల. బడి తెరిచిన జూన్ నెలలో 42 మంది ఉన్న ఒక తరగతిలో ఈ సర్వే చేయించాను. అందులో ఏమేమి జరిగిందో వరుసగా చెబుతాను, మీరే చూడండి.

మొదట అందరికీ తెలిసిన పద్ధతిలోనే చేశాం. తరగతి నాయకుడు బోర్డుదగ్గర నిలబడి ఒక్కొక్క పండు పేరు పిలిచాడు. ఇష్టమైనవారు చెయ్యెత్తారు. మామిడికి 24 చేతులు, ఆపిల్‌కు 9, సీతాఫలానికి 6, జామకు 5, అరటికి 3 వచ్చాయి. అన్నీ కూడి చూడండి, 47 అవుతుంది. ఉన్నది 42 మందే గదా! కనీసం 5 చేతులు రెండోసారి లేచాయన్నమాట. ఇందులో పిల్లల దొంగతనమేమీ లేదు. మామిడి అనగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. తరువాత సీతాఫలం పేరు వినబడేసరికి, అయ్యో, ఇది కూడా ఉందా అనిపిస్తుంది. ముందు పిలిచిన పండుకు ఆ విధంగా ఎప్పుడూ కొంత లాభమే. జాబితాను కిందినుంచి పైకి పిలిస్తే అంకెలు మరోలా ఉంటాయి.

మొత్తం 42కు సరిగ్గా సరిపోయినా ఆ లెక్కను నేను నమ్మేవాణ్ణి కాదు. చేతులు లేచేటప్పుడు కళ్ళు ఎటు తిరుగుతున్నాయో గమనించండి. ముందు బెంచీలో బాగా చదివే పిల్లవాడు చెయ్యెత్తితే వెనుక మరో నాలుగు లేస్తాయి. జామపండు పేరు పిలిచినప్పుడు ఒక చెయ్యి సగం లేచి, పక్కవాడు నవ్వేసరికి తల గోక్కోవడానికి వెళ్ళిపోయింది. జామచెట్టు ప్రతి పెరట్లో ఉండేదే, అదేం గొప్ప అన్న భావం ఉంది. ఆపిల్ అలా కాదు. అది దూరంనుంచి లారీలో వస్తుంది, కొనుక్కోవాలి. అందరిముందూ ఆపిల్ అంటే కొంచెం పెద్దరికం. కాబట్టి చేతుల లెక్కలో మనకు తెలిసింది పిల్లలకు ఏ పండు ఇష్టమో కాదు, ఏ పండు ఇష్టమని నలుగురిలో చెప్పుకోవడానికి ఇష్టపడతారో. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు.

మర్నాడు చీటీలతో అడిగాం. పొడుగు నోటుబుక్కు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చించితే ఒకే కొలత చీటీలు 16 వస్తాయి. మూడు కాగితాలు చాలు. ప్రశ్నను బోర్డుమీద రాశాం: "అన్ని పళ్ళలోకీ నీకు ఎక్కువ ఇష్టమైన పండు ఏది? ఒక్కటే రాయి." జాబితా ఏదీ రాయలేదు. రాస్తే ఆ జాబితాలో ఉన్నవాటినే ఎంచుకుంటారు. చీటీమీద పేరుగాని, హాజరు నంబరుగాని వేయవద్దన్నాం. రెండు పళ్ళు రాసిన చీటీ వస్తే మొదటి పేరునే లెక్కించాలని చీటీలు విప్పకముందే నిర్ణయం చేసుకున్నాం. ఇటువంటి నియమాలు ముందే పెట్టుకోవాలి. చీటీ చూసి నియమం పెడితే, తెలిసో తెలియకో మనకు నచ్చిన పండువైపు మొగ్గుతాం. చీటీలు మడిచి ఒక ఖాళీ టిఫిను డబ్బాలో వేశారు. 42 చీటీలు.

ఇప్పుడు లెక్కగీతల సంగతి. ఒకమ్మాయి చీటీ విప్పి పైకి చదువుతుంది, ఒకబ్బాయి బోర్డుమీద ఆ పండుకెదురుగా ఒక నిలువు గీత గీస్తాడు. అయిదో గీత నిలువుగా కాక, నాలుగింటిమీదుగా ఏటవాలుగా పడుతుంది. ఎందుకలా? అయిదుల్లో లెక్కిస్తే సులువు కాబట్టి అని మీరంటారు. అది నిజమే కాని, పూర్తి జవాబు కాదు. మన కంటికే ఒక హద్దు ఉంది. 1871లో ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ అనే అర్థశాస్త్రవేత్త ఒక తేలికైన ప్రయోగం చేశాడు. చిక్కుడు గింజలు గుప్పెట్లోకి తీసుకుని ఒక పెట్టెవైపు విసరడం, పెట్టెలో పడ్డవాటిని ఒక్క చూపు చూసి ఎన్నో చెప్పేయడం, ఆ తరువాత నిదానంగా లెక్కపెట్టుకోవడం. వెయ్యికి పైగా సార్లు ఇలా చేశాడు. మూడు, నాలుగు గింజలున్నప్పుడు అతడు ఒక్కసారీ పొరబడలేదు. అయిదు దగ్గరనుంచి పొరపాట్లు మొదలయ్యాయి. గింజలు పెరిగినకొద్దీ పొరపాట్లూ పెరిగాయి. దీన్ని 'నేచర్' పత్రికలో ప్రకటించాడు.

నాలుగు నిలువు గీతల్ని కన్ను లెక్కపెట్టనక్కరలేకుండా పట్టుకుంటుంది. అయిదో గీత కూడా నిలువుగానే నిలబడితే అది నాలుగా, అయిదా అని ఆగి చూడవలసి వస్తుంది. అడ్డంగా పడితే ఆ కట్ట ఆకారమే మారిపోతుంది, చూడగానే అయిదని తెలుస్తుంది. చైనాలోను, జపానులోను ఇదే పనికి అయిదు గీతలతో పూర్తయ్యే ఒక అక్షరాన్ని వాడతారు. ఒక్కొక్క లెక్కకు ఆ అక్షరంలో ఒక్కొక్క గీత గీస్తూ పోతారు. అక్షరం నిండితే అయిదు. గీతలు వేరైనా ఉపాయం ఒకటే.

చీటీలన్నీ అయిపోయాక గీతలు కూడితే 41 వచ్చింది. ఒక చీటీ ఏమైంది? డబ్బా తిరగేశాం, బల్లకింద చూశాం. చీటీలు లెక్కపెడితే 42 ఉన్నాయి. అంటే తప్పు గీతల్లోనే ఉండాలి. సీతాఫలం వరుసలో ఒక కట్టను దగ్గరికి వెళ్ళి చూస్తే, అందులో నిలువు గీతలు అయిదు నిలబడి ఉన్నాయి, వాటిమీద అడ్డగీత ఆరోది. కట్ట అంటే అయిదే అనుకుని అందరం లెక్కపెట్టాం. ఈ పొరపాటు చాలా మామూలుగా జరుగుతుంది. అయిదో పేరు విన్నప్పుడు చెయ్యి అలవాటుగా నిలువు గీత గీసేస్తుంది, ఆరో పేరుకు అడ్డం కొడుతుంది. దాన్ని పట్టించేది మొత్తమే. అందుకే గీతలు గీయడానికి ముందే చీటీలెన్నో బోర్డుమీద ఒక మూల రాసిపెట్టుకోవాలి.

అయితే మొత్తం సరిపోయినంతమాత్రాన అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు. జామ అని చదివితే గీత పొరపాటున అరటి వరుసలో పడిందనుకోండి. మొత్తం 42గానే ఉంటుంది. జామకు ఒకటి తగ్గుతుంది, అరటికి ఒకటి పెరుగుతుంది, ఎవరికీ తెలియదు. దీనికి మందు ఒకటే. చదివిన చీటీని డబ్బాలో మళ్ళీ పడేయకుండా పండువారీగా కుప్పలు పెట్టాలి. చివరకు ప్రతి కుప్పనూ లెక్కపెట్టి దాని వరుసతో పోల్చాలి. మా పిల్లలు అలా పోల్చి చూసుకున్నాకనే పట్టికను నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు.

ఆ పట్టిక ఇది: మామిడి 14, సీతాఫలం 9, జామ 8, అరటి 6, ఆపిల్ 3, ఇతరములు 2. మొదటిరోజు చేతుల లెక్కతో పోల్చి చూడండి. ఆపిల్ 9 నుంచి 3కు దిగింది. జామ 5 నుంచి 8కి, అరటి 3 నుంచి 6కు ఎక్కాయి. ఒక్క రాత్రిలో పిల్లల నాలుకలు మారిపోలేదు, అడిగే తీరు మారిందంతే.

ఇంతకంటె విచిత్రమైన సంగతి మామిడి కుప్పలోనే ఉంది. ఆ 14 చీటీలమీదా "మామిడి" అని లేదు. 4 చీటీల్లో మామిడి అని, 4 చీటీల్లో బంగినపల్లి అని, 3 చీటీల్లో బేనీషాన్ అని, 3 చీటీల్లో రసాలు అని రాశారు. చదివే అమ్మాయి చదివింది చదివినట్టు ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క వరుస పెట్టబోయింది. అలా పెడితే ఏమవుతుందో ఆలోచించండి. మామిడి 4, బంగినపల్లి 4, బేనీషాన్ 3, రసాలు 3. అప్పుడు తరగతికంతటికీ ఇష్టమైన పండు 9 చీటీలతో సీతాఫలం!

ఇందులో ఒక సంగతి సులువుగా తేలింది. బంగినపల్లి, బేనీషాన్ రెండూ ఒకటే పండు. కర్నూలు వైపు బంగినపల్లి అన్నదాన్నే మావైపు బేనీషాన్ అంటారు. కాబట్టి ఆ రెండు కుప్పలు కలిపేయాలి, అందులో వాదన లేదు. కలిపినా 7 అవుతుంది, సీతాఫలంకంటె తక్కువే. మరి రసాలనూ దానితో కలపాలా? ఒకరు కలపాలన్నారు, అన్నీ మామిళ్ళే గదా అని. ఇంకొకరు వద్దన్నారు. రసం పిండుకు తినేది ఒకటి, కోసుకు తినేది ఒకటి, రెండూ ఇష్టపడేవారు వేరు అన్నారు. నాకు రెండో వాదనే కొంచెం నచ్చింది. అయినా మిగతా పళ్ళను రకాలుగా విడదీయనప్పుడు మామిడిని మాత్రం విడదీస్తే సమానమైన తూకం కాదు. సీతాఫలంలో కూడా మాకు దగ్గరి బాలానగర్ పేరుతో ఒక రకం ఉంది. జామలో తెల్లది, ఎర్రది ఉన్నాయి. విడదీస్తే అన్నిటినీ విడదీయాలి, కలిపితే అన్నిటినీ కలపాలి. అన్నిటినీ కలిపాం. మామిడి 14 అయింది అలాగే. పుస్తకంలోని పట్టికలో "మామిడి" అని ఒక్క వరుస కనిపించినప్పుడు దాని వెనుక ఇటువంటి నిర్ణయం ఒకటి ఉంటుందని ఇకమీదట మీరు గుర్తుపడతారు.

"ఇతరములు" అన్న వరుసలో ఉన్నవి రెండు చీటీలు. ఒకదానిలో ఈతపళ్ళు, రెండోదానిలో తాటిముంజెలు అని ఉంది. ముంజెలు పండే కాదు, తీసెయ్యాలన్నాడు ఒక కుర్రవాడు. వృక్షశాస్త్రం ప్రకారం అతడి మాటలో కొంత నిజముంది. పండు అనదగింది తాటికాయ మొత్తం. ముంజె దానిలోపల ఇంకా ముదరని లేత విత్తనం. అయినా ఆ చీటీని ఉంచేశాం. ప్రశ్న వృక్షశాస్త్రం పరీక్షలోది కాదు, తినడానికి ఏది ఇష్టమన్నది. ఒక్కచీటీయే గదా అని తీసేస్తే 42 మంది తరగతి 41 మందిదవుతుంది. ఆ చీటీ రాసిన వ్యక్తి ఆ గదిలోనే కూర్చుని ఉన్నాడు, లేదా ఉంది.

ఇక పటచిత్రం. ముందుగా మేం బొమ్మలేమీ గీయలేదు. ఆ చీటీలనే తీసి ఒక పెద్ద అట్టమీద పండువారీగా వరుసల్లో, అంచుకు అంచు తగిలేలా అంటించాం. మామిడి వరుస 14 చీటీల పొడవు, సీతాఫలం వరుస 9 చీటీల పొడవు వచ్చింది. చీటీలన్నీ ఒకే కొలత కనుక పొడవు చూస్తే చాలు, అంకె అక్కరలేదు. నా దృష్టిలో పటచిత్రాల్లోకెల్లా నిజాయితీ అయినది ఇదే. ఒక చీటీ అంటే ఒక మనిషి.

దీన్ని నోటుబుక్కు పేజీలోకి దించేటప్పుడే చిక్కులు మొదలవుతాయి. ఒక బొమ్మ ఎందరికి గుర్తు? ఒక్కరికైతే మామిడికి 14 బొమ్మలు గీయాలి, చెయ్యి నొప్పి పుడుతుంది. అయిదుగురికి ఒక బొమ్మ అనుకుంటే 14కు రెండు బొమ్మలు, మూడోదానిలో అయిదింట నాలుగు వంతులు కావాలి. అయిదింట నాలుగు వంతుల మామిడిపండును గీసి చూపించండి! దాన్ని చూసినవారు సగమనుకుంటారో, పూర్తిదనుకుంటారో తెలియదు. సగం బొమ్మవరకు ఎవరైనా గుర్తుపడతారు, అంతకంటె చిన్న ముక్కలు చేస్తే గుర్తుపట్టరు. ఇద్దరికి ఒక బొమ్మ అనుకుంటే మామిడికి 7, సీతాఫలానికి నాలుగున్నర, జామకు 4, అరటికి 3, ఆపిల్‌కు ఒకటిన్నర, ఇతరములకు 1. ఇక్కడ కూడా మొత్తం చూసుకోవచ్చు. అన్నీ కూడితే 21, అంటే 42లో సగం. సరిపోయింది.

ఇంతవరకు బాగానే ఉంది. తరువాత ఒకమ్మాయి చాలా అందంగా గీసి తెచ్చింది. అరటిపండు పొడుగ్గా 4 సెంటీమీటర్లు, జామపండు గుండ్రంగా 2 సెంటీమీటర్లు. ఉన్నదున్నట్టు గీసింది పాపం. అయితే ఆ లెక్కన 3 అరటిపళ్ళ వరుస 12 సెంటీమీటర్లు సాగింది, 4 జామపళ్ళ వరుస 8 సెంటీమీటర్లతో ఆగింది. చూసిన ప్రతివారూ జామకంటె అరటికే ఎక్కువమంది అన్నారు. ఉన్నది 6గురు, 8 మంది. పేజీమీద ముందుగా సమానమైన గళ్ళు గీసుకుని, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క బొమ్మ పట్టేలా గీస్తే ఈ చిక్కు పోతుంది. అరటి కొంచెం పొట్టిదైనా ఫరవాలేదు.

ఇంకొకడు తెలివిగా ఆలోచించి, ఒక్కొక్క పండుకు ఒక్కటే బొమ్మ గీసి, ఎక్కువమంది ఇష్టపడ్డదాన్ని పెద్దది చేశాడు. జామ 8, మామిడి 14. రెండింతలకు కొంచెం తక్కువ. అందుకని మామిడిని జామకు సుమారు రెండింతలు ఎత్తు గీశాడు. ఎత్తు రెండింతలైతే వెడల్పు కూడా రెండింతలు చేయాలి గదా, లేకపోతే అది మామిడిలా కాక దోసకాయలా కనిపిస్తుంది. దాంతో కాగితంమీద మామిడి ఆక్రమించిన చోటు జామకు సుమారు నాలుగింతలయింది. కన్ను ఎత్తును చూడదు, మొత్తం చోటును చూస్తుంది. వార్తాపత్రికల్లోను, ప్రకటనల్లోను ఇటువంటి బొమ్మలు మీకు ఇప్పటికీ కనిపిస్తాయి. 1925లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఆటో న్యూరత్ అనే ఆయన సామాన్య ప్రజలకు లెక్కలు బొమ్మల్లో చూపించే ఒక ప్రదర్శనశాల ప్రారంభించాడు. అక్కడ పెట్టుకున్న ముఖ్య నియమం ఇదే. ఎక్కువ అని చూపాలంటే పెద్ద బొమ్మ వేయకూడదు, అదే కొలత బొమ్మలు ఎక్కువ వేయాలి. మన పాఠ్యపుస్తకంలోని పటచిత్రం కూడా ఆ నియమాన్నే పాటిస్తుంది.

ఆగస్టు వచ్చింది. పంద్రాగస్టునాడు జెండా ఎగరేశాక పిల్లలకు పళ్ళు పంచడానికి ఊళ్ళో ఒక పెద్దమనిషి డబ్బిస్తానన్నారు. ఏ పండు కొందాం అన్నారు. పిల్లలు గోడమీది పటం చూపించారు. మామిడి ఆ రోజులకు అయిపోతుంది, సీతాఫలం ఇంకా సరిగా రాదు. తరువాతది జామ, 8 మంది. మా తరగతికి జామ కొనండి అని తీర్మానించారు.

ఇక్కడే మీరు కొంచెం ఆగి చూడాలి. పటం చెప్పింది 8 మందికి జామ అన్నిటికన్నా ఎక్కువ ఇష్టమని మాత్రమే. మిగిలిన 34 మందికి జామ రెండో ఇష్టమో, అసలు గిట్టదో పటంలో ఎక్కడా లేదు. అందరికీ ఒకే పండు పంచేటప్పుడు కావలసింది ఎవరికి ఏది ఎక్కువ ఇష్టమన్న లెక్క కాదు, ఎవరు ఏది తినరన్న లెక్క. ఆ ప్రశ్న మనం అడగనే లేదు. మళ్ళీ చీటీలు చించాం. "అరటి, జామ, ఆపిల్. వీటిలో ఇస్తే తినని పండు ఉంటే ఒకటి రాయి. అన్నీ తింటే 'తింటాను' అని రాయి." ఆ రోజు 41 మంది వచ్చారు. 32 చీటీల్లో తింటాను అని ఉంది. జామ తిననన్నవారు 6గురు, ఆపిల్ తిననన్నవారు ఇద్దరు, అరటి తిననన్నవారు ఒక్కరు. గింజలు పళ్ళలో ఇరుక్కుంటాయనో, దగ్గు వస్తుందని ఇంట్లో వద్దంటారనో కారణాలు ఉంటాయి, వాటిని మేం అడగలేదు. జామ కొని ఉంటే 6గురు చేతిలో పండుతో ఊరికే నిలబడేవారు. అరటిపళ్ళు కొన్నారు. చీటీల మీద పేర్లు లేవు కనుక ఆ ఒక్కరెవరో తెలియదు. బుట్టలో ఒక పక్కన రెండు జామపళ్ళు కూడా పెట్టించాం, కావలసినవారు తీసుకోవచ్చని.

అక్టోబరులో మొదటి ప్రశ్ననే మళ్ళీ అడిగాం. అదే మాటలు, అదే చీటీలు. ఇద్దరు రాలేదు కనుక 40 చీటీలు. సీతాఫలం 15, మామిడి 10, జామ 7, అరటి 5, ఆపిల్ 2, ఇతరములు 1. అప్పటికి మా ఊరి సంతలో సీతాఫలాలు గంపలతో దిగుతున్నాయి. ఎక్కువ ఇష్టమైనదేది అని అడిగితే నాలుకమీద ఇంకా తడి ఆరని పండే ముందు గుర్తుకొస్తుంది. అందుకని పిల్లలు రెండు అట్టలకింద కూడా నెల పేరు, అడిగిన ప్రశ్న, చీటీల సంఖ్య, ఒక బొమ్మ ఎందరికి గుర్తో రాసి పక్కపక్కన వేలాడదీశారు. మీరు గీసే పటాలకింద కూడా ఆ నాలుగూ రాయండి. పరీక్షలో దానికి మార్కులు వేయకపోయినా రాయండి.

రెండు అట్టలమీదా మారని సంగతి ఒకటుంది. తాటిముంజెలు ఎండాకాలంలో తప్ప దొరకవు. అక్టోబరు పటంలో ఇతరములు వరుసలో మిగిలిన ఆ ఒక్క చీటీమీద మాత్రం, అదే గుండ్రటి చేతిరాతతో, మళ్ళీ తాటిముంజెలు అనే ఉంది.